గీతకు ఇవతల

చేయి లేచినంత కాలం దండాలు పెట్టినవాళ్లే చేయి దిగగానే దారి చూపిస్తారు. లోకం తీరు ఎక్కడైనా అంతే, బస్సు డిపోలో మరీను. ఆడవాళ్ల నెట్‌బాల్ జట్టుకి ఏళ్ల తరబడి గోల్ అటాక్‌గా ఆడిన కండక్టరమ్మకి కుడి భుజం పట్టేసింది. చేయి చెవి దాటి పైకి రానని మొండికేసింది. ఆ సంగతి తెలిసిన మర్నాడే, వర్క్‌షాపులో ఇంజన్లు విప్పుతూ జట్టుకి కోచ్‌గా కూడా ఉండే మేస్త్రి ఆమెని పక్కకి పిలిచాడు. చొక్కా మీద కట్టుకునే, జి.ఏ. అని రాసి ఉన్న బిబ్ తీసుకుని, డబ్ల్యూ.ఏ. అని రాసి ఉన్నది చేతిలో పెట్టాడు.

"గోలు వేసింది చాలమ్మా. ఇకమీదట వింగ్ అటాక్. అందించే పని."

"గోల్ అటాక్ ఎవరికిస్తున్నారు?"

"కౌంటర్లో పిల్లకి."

కౌంటర్లో పిల్లంటే ఎవరో కాదు, ఆమె తమ్ముడి పెళ్లాం. ఉండేది ఒకే ఇల్లు, వండేది ఒకే పొయ్యి మీద. ముందు సీట్లో కూర్చున్న మనిషిని లేపి వెనక నిలబెడితే ఎలా ఉంటుందో కండక్టరమ్మకి అలా ఉంది. కానీ బస్సు దిగిపొమ్మనలేదు కదా. నిలబడైనా ప్రయాణం చేయొచ్చు. అనుకుని ఆ బిబ్ తొడుక్కుంది.

ఈ ఆట తెలియనివాళ్లకి ఆమె చెప్పే పద్ధతి ఒకటుంది. కోర్టు మూడు ముక్కలు. రెండు కొసలా గోలు పోస్టులు, వాటి పైన బంతి పడాల్సిన రింగులు. ఒక్కో పోస్టు ముందు అర్ధచంద్రంలా గీత, దాన్నే సర్కిల్ అంటారు. ఒక్కో జట్టుకి ఏడుగురు. ఒంటి మీది అక్షరాలే టికెట్టు, టికెట్టు ఎందాకా ఉంటే ప్రయాణం అందాకే. గోల్ కీపర్‌కి తన పోస్టు ఉన్న ముక్క, ఆ సర్కిలూ. గోల్ షూటర్‌కి అవతలి కొస ముక్క, అక్కడి సర్కిలూ. గోల్ డిఫెన్స్‌కి తన కొస ముక్క, సర్కిల్, నడిమి ముక్క. వింగ్ డిఫెన్స్‌కి అవే, సర్కిల్ మాత్రం తప్ప. సెంటర్ మూడు ముక్కల్లోనూ తిరగొచ్చు గానీ రెండు సర్కిళ్లలో దేంట్లోనూ కాలు పెట్టకూడదు. గోల్ అటాక్‌కి నడిమి ముక్క, గోలు వేసే ముక్క, సర్కిల్. వింగ్ అటాక్‌కి కూడా అన్నీ అవే, సర్కిల్ ఒక్కటే లేదు. గోలు వేయాలంటే సర్కిల్లో ఉండాలి, అందులోనూ షూటరో గోల్ అటాకో అయ్యుండాలి. మిగతావాళ్లకి పోస్టు దర్శనం దూరం నుంచే.

అంటే జి.ఏ. నుంచి డబ్ల్యూ.ఏ.కి మారితే పోయేది ఆ అర్ధచంద్రం ఒక్కటే. ఆ కాస్తే కదా అనిపిస్తుంది. ఇంట్లో అన్ని గదుల తాళాలూ ఉంచి వంటింటి తాళం ఒక్కటీ లాక్కుంటే అప్పుడు తెలుస్తుంది.

మనసుకి నచ్చజెప్పుకుంది. కాళ్లకి ఎవరు చెబుతారు? బంతి చేతిలోంచి షూటర్‌కి వెళ్లీ వెళ్లగానే, పోస్టుకి తగిలి తిరిగొస్తే అందుకోవడానికి ఆమె కాళ్లు వాటంతటవే సర్కిల్లోకి పరిగెత్తేవి. ఏళ్లనాటి అలవాటు. అంపైర్ విజిల్ ఊదేది. ఆఫ్‌సైడ్. బంతి చేతిలో ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు, కాని చోట కాలు ఆనిందంటే తప్పే. కాలు పడ్డ చోటి నుంచే అవతలివాళ్లకి ఫ్రీ పాస్. చేతికొచ్చిన గోలు గంగపాలు.

డిపోల మధ్య పోటీలో సెమీఫైనల్ గెలిచారు గానీ ఈడ్చుకుంటూ గెలిచారు. కండక్టరమ్మ నాలుగుసార్లు సర్కిల్లోకి వెళ్లింది. మరదలేమీ తక్కువ తినలేదు. బంతి పట్టుకుని దిగిన కాలు ఎత్తి, ఎత్తిన కాలు మళ్లీ నేల మీద పెట్టి, అప్పుడు గోలుకి వేసేది. ఎత్తడం వరకూ పర్వాలేదు, బంతి చేతిలో ఉండగా అదే కాలు మళ్లీ ఆనకూడదు. అదీ విజిలే. అది పోతే బంతి పట్టుకుని పోస్టు వంక పెళ్లిచూపులు చూస్తూ నిలబడేది. మూడు సెకన్లు దాటేవి. మళ్లీ విజిల్.

ఆట అయ్యాక మేస్త్రి గ్రీజు మరకల తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"పిల్లకి ఆట కొత్త, నేర్చుకుంటుంది. నీకేమమ్మా? ఫైనల్లో రెండోసారి సర్కిల్లో కాలు పడిందా, ఆ తర్వాత విరామంలో నీ బిబ్ వింగ్ డిఫెన్స్ పిల్లకి వెళ్తుంది. బెంచీ మీద ఉన్నమ్మాయి ఆమె చోటికి వస్తుంది."

"నేనో?"

"నువ్వు నీళ్ల సీసాలు అందిద్దువు గాని."

ఒకసారి బెంచీ ఎక్కితే మళ్లీ దించరు. ఆ విషయం ఆమెకి బాగా తెలుసు. డిపోలో పాత బస్సుల్ని చూసింది. 'రిపేరుకి' అని మూల నిలబెడతారు, నాలుగు నెలలకి టైర్లు కూడా ఉండవు. తనని మాన్పిస్తే మానేస్తుందేమో గానీ మూల నిలబడదు. ఫైనల్ అయ్యేదాకా ఆ బిబ్ ఒంటి మీద ఉండి తీరాలి.

ఆ సాయంత్రం వంటింట్లో కాళ్లు చాపుకుని ఉల్లిపాయలు తరుగుతుంటే, మరదలు ఎక్కడి నుంచో సుద్దముక్క తెచ్చింది. పొయ్యి గట్టు చుట్టూ నేల మీద అర్ధచంద్రం గీసింది.

"ఏమిటే ఇది?"

"సర్కిల్. ఇవాళ్టి నుంచీ పొయ్యి నాది. నువ్వు గీతకి అవతలే ఉండి అందించాలి. కాలు లోపల పడిందంటే..." అంటూ గరిటెతో పళ్లెం మీద ఒక్కటిచ్చింది. చెవులు గింగురుమన్నాయి.

"ఆడపడుచుని వంటింట్లోంచి గెంటేసిన కోడల్ని ఇప్పుడే చూస్తున్నా."

"గెంటడం లేదు వదినా. గీత మీద నిలబడు, తప్పు లేదు. గీత నీదీ నాదీ."

ఒళ్లు మండింది. కానీ మాట మాత్రం నిజం. గీత మీద కాలు తప్పు కాదు, గీత దాటి నేల తాకితేనే తప్పు. ఉప్పు డబ్బా ఇవ్వాలి, నీళ్ల చెంబు ఇవ్వాలి, దేనికి కదిలినా కాలు లోపలికే. పళ్లెం మోత. తమ్ముడు రెండుసార్లు తొంగి చూసి, "అన్నం పెడతారా, కచేరీయేనా?" అని గొణిగి వెళ్లిపోయాడు.

పెద్దవాళ్లు లేని ఇంట్లో మొహమాటాలు తక్కువ. కండక్టరమ్మ కూడా ఊరుకోలేదు. బంతికి బదులు గిన్నె విసిరి, "పట్టు. ఏ కాలు ముందు ఆనింది?" అనేది.

"ఎడమది."

"అయితే అది మేకు. దాని మీద తిరుగు, రెండోది ఎటు కావాలంటే అటు వెయ్యి. మేకు పీకావా, మళ్లీ దిగేసరికి గిన్నె చేతిలో ఉండకూడదు. ఈడ్చకు. గెంతకు. ఈడ్చావు చూడు."

"రెండు కాళ్లూ ఒక్కసారే ఆనితే?"

"ఏ కాలు కదపాలన్నది నీ ఇష్టం. ఒకటి కదిపావంటే రెండోది మేకు."

మూడు సెకన్లకి ఆమె దగ్గర వేరే గడియారం ఉంది. బస్టాపులో జనాన్ని ఎక్కించుకునే పాట. "ఎక్కండి... జరగండి... రైట్." రైట్ అనేసరికి తలుపు పడాలి, బంతి చెయ్యి దాటాలి. మరదలు మొదట నవ్వింది. రెండు రోజులకి అన్నం వారుస్తూ కూడా అదే గొణుక్కుంటోంది.

పని మీద ఉన్నప్పుడు కూడా కండక్టరమ్మ వదల్లేదు. రద్దీ బస్సులో ఎడమచేత్తో టికెట్లు, నొప్పి చేత్తో సంచీ. పట్టుకోవడానికి మూడో చేయి ఎవరికీ లేదు. డ్రైవర్ బ్రేకు తొక్కితే ఎక్కినవాళ్లంతా ముందుకి తూలతారు, ఆమె తూలదు. కాళ్లు బిగిస్తే పడతాం. మోకాలు సడలించి, ఒంట్లో బరువు ముందుకి పోకముందే పిరుదుల్లోకి లాక్కోవాలి. ఇన్నేళ్ల ఉద్యోగం ఆమెకి నేర్పిన విద్య అదొక్కటే. పైవాళ్లు ఎవరూ దానికి మెడల్ ఇవ్వలేదు.

ఫైనల్ నాటికి ఆమె ఇంట్లో సర్కిల్లోకి వెళ్లడం మానేసింది. ఇల్లు వేరు, కోర్టు వేరు.

మొదటి పావు ఆటలోనే జరిగింది. షూటర్‌కి బంతి ఇచ్చింది, షూటర్ వేసింది, బంతి రింగు అంచుకి తగిలి లేచింది. అంతే, కాళ్లు లోపల ఉన్నాయి. విజిల్. అవతలి జట్టు గోల్ కీపర్, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నవ్వింది. "ఏమ్మా, పాత ఇల్లు గుర్తొచ్చిందా?"

బెంచీ దగ్గర మేస్త్రి ఒక వేలు ఎత్తి చూపించాడు.

ఆ తర్వాత ఆమె ఒళ్లు దగ్గర పెట్టుకుంది. బంతి ఇవ్వగానే కాలు గీత మీద తన్నిపెట్టి నిలబడేది. లోపల పళ్లెం మోగినట్టుండేది. హాఫ్ టైముకి మూడు గోల్స్ వెనక ఉన్నారు. మూడో పావులో మరదలి చేయి తిరిగింది. మేకు కాలు మీద తిరిగి, రెండో అడుగు పోస్టు వైపు వేసి, పైనుంచి వదిలింది. పడింది. మళ్లీ పడింది. తేడా ఒక్క గోలుకి వచ్చింది. ఆ ఊపులోనే కండక్టరమ్మ మరిచిపోయింది. మరదలు వేసిన బంతి రింగు మీద తిరుగుతుంటే, పడుతుందో పడదో అని, ఒక్క అడుగు. ఒక్కటే. బొటనవేలు గీత దాటి నేలకి ఆనింది, బంతి ఇంకా రింగు మీదే ఉంది.

విజిల్. ఆ బంతి తర్వాత రింగులో పడింది గానీ గోలు లెక్కలోకి రాలేదు.

విరామంలో మేస్త్రి చేయి చాపాడు. "ఇలా ఇవ్వు."

ఆమె బిబ్ ముడి మీద చేయి వేసుకుంది, విప్పలేదు. "ఇవ్వను."

"రెండు అన్నాను."

"అన్నారు. మీరన్న మాట నిలబెట్టుకుంటే మీ పరువు నిలుస్తుంది. నన్ను ఉంచితే ఆట నిలుస్తుంది. ఆ వింగ్ డిఫెన్స్ పిల్లని ఇటు తెస్తే వెనకాల వాళ్ల వింగ్ అటాక్‌ని ఎవరు పట్టుకుంటారు? బెంచీ మీద పిల్లా? అది పొద్దున్నుంచీ ఒక్కసారి బంతి ముట్టుకోలేదు."

"మూడోసారి కాలు పెడితే?"

"విజిల్ ఆగకముందే నేనే విప్పి మీ చేతిలో పెడతా. నాకు దెబ్బ తగిలిందని ఆట ఆపించి మరీ వెళ్తా."

మరదలు నీళ్లు తాగుతూ మధ్యలో అందుకుంది. "ఉంచండి మేస్త్రిగారూ. ఇంటికెళ్లాక నాకు అన్నం కావాలి."

మేస్త్రి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. విసుక్కుంటూ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఒక్క ఇంట్లోంచి ఇద్దర్ని తీసుకోవడం నాది బుద్ధి తక్కువ."

ఆఖరి పావు కుస్తీలా సాగింది. వాళ్లొకటి, వీళ్లొకటి. గోలు పడ్డాక నడిమి నుంచి ఆట మొదలెట్టే సెంటర్ పాస్ ఒకసారి వాళ్లది, ఒకసారి వీళ్లది, ఎవరి పాస్‌కి వాళ్లు గోలు వేసుకుంటున్నారు. ఇలాగే సాగితే ఒక్క గోలుతో పోయినట్టే. అప్పుడు అవతలి షూటర్ బంతి పట్టుకుని కాస్త ఎక్కువసేపు గురి చూసింది. మూడు సెకన్ల విజిల్. ఆ బంతి ఇటు వచ్చి మరదలి చేతిలోంచి రింగులో పడింది. సమానం.

తర్వాతి సెంటర్ పాస్ వీళ్లది. బల్ల దగ్గర కూర్చుని టైము చూసేవాళ్లు లేచి నిలబడ్డారు. ఇదే ఆఖరని అందరికీ తెలిసింది.

విజిల్ పడగానే కండక్టరమ్మ గీత దాటి నడిమి ముక్కలోకి దూసుకొచ్చి సెంటర్ దగ్గర బంతి అందుకుంది. తిరిగి సెంటర్‌కే ఇచ్చి, పోస్టు ఉన్న ముక్కలోకి పరుగు తీసింది. వెనకే వాళ్ల వింగ్ డిఫెన్స్ అడుగులో అడుగు. సెంటర్ బంతిని సర్కిల్ అంచు మీదికి వేసింది, కొంచెం ఎక్కువ బలంగా.

ఆమె గాలిలోకి లేచి బంతిని ఒడిసి పట్టింది. ఎడమకాలు ఆనింది, సరిగ్గా గీత మీద.

ఎక్కండి.

పరుగు ఊపు ఇంకా ఒంట్లోనే ఉంది, ఆమెని లోపలికి తోస్తోంది. కుడికాలు గాల్లో, గీతకి అవతల, సర్కిల్ పైన వేలాడుతోంది. గాల్లో ఉంటే తప్పు లేదు. దించితే ఆఫ్‌సైడ్. ఎడమకాలు గెంతి వెనక్కి వేస్తే మేకు పీకినట్టే, ఫుట్‌వర్క్ తప్పు. ఎటు చూసినా విజిలే. సడన్ బ్రేకు వేసిన బస్సులో నిలబడ్డట్టుంది. ఆమె మోకాలు వదులు చేసింది, బరువంతా పిరుదుల్లోకి లాక్కుంది. ఒంటికాలి మీద కొంగలా ఆగింది.

జరగండి.

షూటర్ వైపు చూసింది. ఆ ఎత్తు కీపర్ గోడలా అడ్డం నిలబడింది. ముందు వాళ్ల వింగ్ డిఫెన్స్ దూరం పాటించి చేతులెత్తి ఊపుతోంది. ఆ చేతుల సందులోంచి పోస్టు కింద మరదలు కనిపించింది. గోల్ డిఫెన్స్‌ని వీపు మీద పెట్టుకుని, ఎడంచేయి పక్కకి చాపి, అడగకుండా అడుగుతోంది. తను నిలబడ్డ చోటు అది. ఒకప్పుడు తను చేయి చాపిన చోటు అదే.

ఎడమచేత్తో, తల పక్క నుంచి వదిలింది.

రైట్.

బంతి పోయింది. ఇప్పుడు పడిపోవడమే మిగిలింది. బ్రేకు పట్టిన బస్సు కూడా చివర్లో ఒక్క ఊపు ఊపుతుంది. ముందుకి పడితే మంచి చేయి కింద ఆనించుకోవచ్చు, ఒంటికేమీ కాదు. కానీ ఆ చేయి ఆనేది సర్కిల్లో. బంతి ఇంకా మరదలి చేతిలోనే ఉంది. అరచేయి తగిలినా, వేలు తగిలినా ఆఫ్‌సైడే. బయటకి పడాలంటే కుడివైపుకి ఒళ్లు తిప్పాలి, అంటే పట్టేసిన భుజం మీద పడాలి.

ఆలోచించడానికి టైము లేదు. ఆమె ఆలోచించలేదు కూడా. గాల్లో ఉన్న కాలిని వెనక్కి కొట్టి, నడుము మెలితిప్పి, కుడి భుజం మీద దబ్బున పడింది. కళ్లలో మెరుపులు మెరిశాయి. మెడ నుంచి వేళ్లదాకా వేడి వైరు లాగినట్టయింది. ఆ నొప్పిలోనూ ముందు తన కాళ్లు ఎక్కడున్నాయో చూసుకుంది. గీత ఆమె మడమకి జానెడు అవతల తెల్లగా ఉంది.

విజిల్ కోసం చెవులు రిక్కించింది. వినపడలేదు. తలెత్తితే అంపైర్ కూడా గీతనే చూస్తోంది, గీతనీ ఆమె మడమనీ. తర్వాత తల పైకెత్తి పోస్టు వైపు చూసి, చేయి నిటారుగా పైకెత్తింది. గోలు. ఆ వెంటనే ఆట ముగిసిన పొడుగు విజిల్.

కేకలన్నీ పోస్టు దగ్గరే. మరదల్ని ఎత్తేశారు. గోలు వేసినవాళ్లనే ఎత్తుతారు, ఆమె కూడా ఒకప్పుడు అలా ఎగిరింది. అందించినవాళ్లు ఎక్కడ పడ్డారో అప్పుడు తనూ చూడలేదు. ఆ గుంపులోంచి కిందికి జారి పరిగెత్తుకుంటూ వచ్చింది మాత్రం మరదలే.

"లే వదినా. ఏదీ, ఏ కాలు ముందు ఆనిందో చెప్పు."

"భుజం ఆనింది. ముట్టుకోకు, చంపుతా."

మేస్త్రి కూడా వచ్చాడు. ఆమెని మెల్లగా బెంచీ దాకా నడిపించి, బిబ్‌లు ఉతకడానికి వేసే సంచీ విప్పాడు. అందరివీ తీసుకున్నాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి చేయి చాపాలా వద్దా అని ఒక క్షణం ఆగాడు.

"ఈ భుజంతో వచ్చే ఏడు ఎలా?" అన్నాడు.

"వచ్చే ఏడు సంగతి భుజాన్ని అడగండి. బిబ్ మాత్రం నేనే ఉతుక్కుంటా."

ఆయన సంచీ ముడి వేసుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి కుడిచేయి మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది. మరదలు పొయ్యి వెలిగించి టీ పెట్టింది. సుద్దగీత సగం చెరిగిపోయింది, అయినా కనిపిస్తోంది. కండక్టరమ్మ దాని దగ్గర ఆగి, కాలు గీత మీదే పెట్టి, ఎడమచేయి లోపలికి చాపింది.

"లోపలికి రా వదినా, ఇంకా ఏమిటి?"

"ముందు టీ ఇటియ్యి. మూడు సెకన్లయింది."